పురుగుమందు లేబుల్‌పై తెలుగు హెచ్చరిక: పాఠసంక్షేపంలో అర్థరక్షణ

1. ఉపోద్ఘాతం

అనువాదంలో మూలార్థం నిలవాలన్నది అందరికీ తెలిసిన నియమం. సరుకుల లేబుళ్ల అనువాదంలో దీనికి మరొక షరతు తోడవుతుంది: ఆ అర్థం ముందుగానే నిర్ణయమైన చదరపు సెంటీమీటర్లలో ఇమడాలి. హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లోని డీటీపీ కేంద్రాలలో ఒక చిన్న తయారీదారు తన లేబుల్‌కు తెలుగు పాఠం కూర్పించుకుంటున్నాడనుకుందాం. పాఠం పట్టనప్పుడు అక్కడ సాధారణంగా రెండే మార్గాలు తోస్తాయి. ఒకటి అక్షరం సైజు తగ్గించడం, రెండోది ఏదో ఒక మాట తీసివేయడం. ఏ మాటను తీయవచ్చు, దేనిని తీయకూడదు అన్నది కేవలం స్థలానికి సంబంధించిన ప్రశ్న కాదు. అది తెలుగు వాక్యనిర్మాణానికి సంబంధించిన ప్రశ్న. పురుగుమందు లేబుల్ ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. చట్టం కోరే పాఠం, మిగిలే స్థలం

క్రిమిసంహారకాల చట్టం 1968లో వచ్చింది. దాని కింద 1971లో నియమావళి రూపొందింది. ఇందులోని 19వ నియమం లేబుల్ స్వరూపాన్ని నిర్దేశిస్తుంది. లేబుల్ ముఖభాగంలో కనీసం పదహారో వంతును, 45 డిగ్రీల కోణంలో నిలబెట్టిన ఒక చతురస్రం ఆక్రమించాలి. దాని పై సగంలో గుర్తు, సంకేతపదం ఉంటాయి. కింది సగంలో విషతీవ్రతను తెలిపే రంగు ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు వరుసగా తగ్గుతున్న తీవ్రతను సూచిస్తాయి. మొదటి రెండు తరగతులకు సంకేతపదం ‘విషం’, మూడోదానికి ‘ప్రమాదం’, నాలుగోదానికి ‘జాగ్రత్త’. ఇవి పర్యాయపదాలు కావు. చోటు చాలలేదని ఒకదానికి బదులు మరొకటి వాడితే మందు తరగతే మారిపోతుంది.

అత్యంత విషపూరితమైన తరగతికి మరో రెండు హెచ్చరిక వాక్యాలు ఈ చతురస్రం వెలుపల తప్పనిసరి. పిల్లలకు అందకుండా ఉంచాలన్నది మొదటిది. మింగినా, విషలక్షణాలు కనిపించినా వెంటనే వైద్యుణ్ణి పిలవాలన్నది రెండోది. హిందీ, ఇంగ్లీషులతో పాటు, ఆ మందు అమ్ముడయ్యే ప్రాంతంలోని ఒకటి రెండు భాషల్లోనూ లేబుల్ పాఠం ఉండాలి.

ఇప్పుడు 12 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న లేబుల్‌ను తీసుకుందాం. మొత్తం వైశాల్యం 72 చదరపు సెంటీమీటర్లు. అందులో పదహారో వంతు 4.5. కానీ చతురస్రం మూల మీద నిలబడి ఉంటుంది కాబట్టి కొస నుంచి కొసకు 3 సెంటీమీటర్లు వస్తుంది. దాని చుట్టూ మిగిలే ముక్కోణపు మూలల్లో వాక్యం పట్టదు. అందువల్ల ఆచరణలో పోయేది 9 చదరపు సెంటీమీటర్లు, అంటే లేబుల్‌లో ఎనిమిదో వంతు. మిగిలిన చోటులో తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, రసాయనాల శాతాలు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, విరుగుడు వివరం, మూడు భాషల హెచ్చరికలు ఇమడాలి.

3. రెండు వాక్యాల సంక్షేపం

తెలుగు హెచ్చరికలకు వరుసకు సుమారు 18 అక్షరాలు పట్టే చోటు దక్కిందనుకుందాం. పదాల మధ్య ఖాళీలు కూడా ఈ లెక్కలోనివే. మొదటి వాక్యానికి సహజంగా వచ్చే అనువాదం ఇలా ఉంటుంది: ‘పిల్లలకు అందుబాటులో లేకుండా దూరంగా ఉంచవలెను’. ఖాళీలు కాక 20 అక్షరాలు, రెండు వరుసలు. దీనిని ‘పిల్లలకు ఇవ్వరాదు’ అని కుదిస్తే 8 అక్షరాలే అవుతాయి. కానీ ఇక్కడ హెచ్చరిక మారిపోయింది. మూలం నివారించదలచింది పెద్దలు ఇవ్వడాన్ని కాదు, పిల్లలు తమంతట తాము తీసుకోవడాన్ని. ‘పిల్లలకు అందకుండా ఉంచండి’ అంటే 11 అక్షరాలతో ఒకే వరుసలో పడుతుంది. ‘అందుబాటు’, ‘దూరం’ అనే రెండు మాటలు చెప్పేదంతా ‘అందకుండా’ అన్న ఒక్క క్రియారూపంలో ఉంది.

రెండో వాక్యం ఇంకా సున్నితమైనది. ‘ఈ మందును మింగిన యెడల లేదా విషప్రభావ లక్షణములు కనిపించిన యెడల వెంటనే వైద్యుని పిలవవలెను’ అన్నది 42 అక్షరాల వాక్యం, మూడు వరుసలు. దీనిని ‘మింగి విషలక్షణాలు కనిపిస్తే’ అని మొదలుపెట్టి కుదించడం సులభమే. అయితే మూలంలోని ‘లేదా’ ఇక్కడ ‘మరియు’ అయింది. మింగి లక్షణాలు కనిపించని వ్యక్తి ఆగవచ్చునని దీనికి అర్థం. మందు చల్లేటప్పుడు చర్మం ద్వారానో ఊపిరి ద్వారానో విషం సోకినవారికి, వారు ఏమీ మింగలేదు కనుక, ఈ వాక్యం వర్తించనే వర్తించదు. పొలంలో ఎక్కువగా ఎదురయ్యే స్థితి అదే.

‘మింగినా, విష లక్షణాలు కనిపించినా వెంటనే డాక్టరును పిలవండి’ అంటే 25 అక్షరాలు, రెండు వరుసలు. ‘-ఇనా … -ఇనా’ అనే జంట రూపం ‘యెడల’ను, ‘లేదా’ను కూడా తనలో కలుపుకుంటుంది. ‘వెంటనే’ను మాత్రం తీయలేదు, అది వైద్యుణ్ణి ఎప్పుడు పిలవాలో చెప్పే మాట. రెండు వాక్యాలూ కలిసి ఐదు వరుసల నుంచి మూడు వరుసలకు వచ్చాయి. తగ్గింది గ్రాంథిక ప్రత్యయాలు, పునరుక్తి. షరతు, చర్య, తక్షణత నిలిచాయి.

4. నిషేధం వాక్యాంతంలో ఉండడం

ఇంగ్లీషులో నిషేధం వాక్యం మొదట్లోనే కనిపిస్తుంది. తెలుగులో అది క్రియతో కలిసి చివర వస్తుంది. ‘ఖాళీ డబ్బాలను తిరిగి వాడరాదు’ అనే వాక్యాన్ని డబ్బా చుట్టూ అంటించే లేబుల్ కుడి అంచున కూర్చితే, అంచు మీద అంచు పడే అతుకు కింద మొదట మరుగయ్యేది ‘రాదు’. చదివేవాడికి ‘తిరిగి వాడ’ అన్నంతవరకే మిగులుతుంది. కాబట్టి నిషేధక్రియను రెండు వరుసలుగా విరవకూడదు, అతుకుకు దగ్గరగా ఉంచకూడదు.

రూపాల ఎంపికలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ‘వాడండి’, ‘వాడకండి’ అనే రూపాల మధ్య తేడా ఒక్క ‘క’కారమే. చిన్న అక్షరాల్లో సిరా అలుక్కుంటే రెండూ ఒకటిగా కనిపిస్తాయి. ‘వాడాలి’, ‘వాడరాదు’ జంటలో ఆ పొరపాటుకు అవకాశం తక్కువ. అక్షరాల సంఖ్య సమానంగా ఉన్నప్పుడు దూరంగా కనిపించే రూపాన్నే ఎంచుకోవాలి.

5. అచ్చుకు ముందు పరీక్ష

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు సరిపోదు. ‘లక్షణాలు’లోని వత్తు కింది వరుసలోని గుడిని తాకుతుంది. యూనికోడేతర ఫాంటులో కూర్చిన పాఠాన్ని, ఆ ఫాంటు లేని ప్రెస్సు కంప్యూటరులో తెరిస్తే అక్షరాలే మారిపోవచ్చు. ఫాంటును పొదిగిన పీడీఎఫ్ పంపడం, లేదా అక్షరాలను గీతలుగా మార్చి పంపడం దీనికి నివారణ. ఆపైన లేబుల్‌ను అసలు కొలతలో అచ్చు తీసి డబ్బాకు చుట్టి, పాఠం ముందుగా తెలియని వ్యక్తి చేత చదివించాలి. ‘చదవగలిగారా’ అని కాక, ‘ఏం చేయమంటోంది, ఎప్పుడు చేయమంటోంది’ అని అడగాలి. జవాబులో ఒక షరతు తప్పిపోతే లోపం సంక్షేపంలో ఉందో, అచ్చులో ఉందో వెతకవచ్చు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల సంక్షేపానికి ఒక క్రమం ఏర్పడుతుంది. ముందుగా తొలగవలసింది ప్రచార వాక్యం. ‘సురక్షితం’, ‘హానిరహితం’ వంటి మాటలనైతే 19వ నియమమే అనుమతించదు. తరువాత వాడకపు వివరాలలో కరపత్రానికి చెందినవాటిని అక్కడికి మార్చాలి. ప్రథమచికిత్స, ఖాళీ డబ్బాల నాశనం వంటి విషయాలను 18వ నియమం కరపత్రంలో కోరుతుంది. ఆ తరువాతే వాక్యాన్ని కుదించాలి. ఈ పనులన్నీ లేబుల్ ఆమోదానికి వెళ్లకముందే పూర్తికావాలి. ఆమోదం పొందిన పాఠంలో ప్రెస్సులో ఒక మాట తీసివేసే అధికారం అనువాదకుడికి గానీ ఆపరేటరుకు గానీ లేదు. ఇంత చేసినా చోటు చాలకపోతే మార్చవలసింది హెచ్చరికను కాదు, లేబుల్ కొలతను.