దొడ్డిదారి ఫోను

దుబాయిలో పని చేసే మేస్త్రీ ఒకాయన సెలవునాడు జగిత్యాలలో వున్న భార్యతో వాట్సాప్‌లో మాట్లాడబోయాడు. రాసిన కబుర్లు పోతున్నాయి, ఫొటోలు పోతున్నాయి; మాట మాత్రం కలవడం లేదు. పక్క మంచం మీది కుర్రవాడు నవ్వి, “వి.పి.ఎన్. పెట్టుకోరాదే అన్నా! ఎవరికి తెలుస్తది?” అన్నాడు.

ఎవరికీ తెలియదా? తెలిస్తే ఏమవుతుంది? గల్ఫులో మనవాళ్లున్న ప్రతి యింటా పుట్టే ప్రశ్నే యిది.

ముందు వి.పి.ఎన్. చేసే పని చూద్దాం. మీరు వుత్తరం రాసి, కవరులో పెట్టి, ఆ కవరును మరో పెద్ద కవరులో పెట్టి వేరే వూళ్లో వున్న మిత్రుడికి పంపారనుకోండి. ఆయన పై కవరు చింపి, లోపలిది తన వూరి పోస్టులో వేస్తాడు. అందుకున్నవాడికి కనిపించేది మిత్రుడి వూరి ముద్రే. ఇంటర్నెట్టులో ప్రతి ఫోనుకూ ఒక అంకెల చిరునామా వుంటుంది. వి.పి.ఎన్. దాన్ని మరుగుపరచి తన చిరునామా చూపిస్తుంది. దారిలో వున్న టెలిఫోను కంపెనీకి లోపలి సంగతి తెలియదు. కాని పెద్ద కవరు పోతున్నదనీ, ఏ వేళకు ఎంత పోయిందనీ చాలాసార్లు తెలుస్తుంది. కనుక కుర్రవాడి ధీమాలో సగమే నిజం.

ఇక చట్టం. ఆ దేశంలో 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టం, 34వ నంబరుది, పదవ అధికరణంలో యీ సంగతి చెబుతుంది. అసలు చిరునామా దాచి కల్పిత చిరునామానో, మరొకరి చిరునామానో వాడడం ఒక్కటే నేరమని అందులో లేదు. నేరం చేయడానికి గాని, చేసిన నేరం బయటపడకుండా వుండడానికి గాని అలా చేస్తే శిక్ష. ఆ శిక్ష జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జుల్మానా, లేదా రెండూ. 5 లక్షల దిర్హాములంటే మన రూపాయల్లో కోటి దాటుతుంది!

బ్యాంకులూ, కంపెనీలూ తమ లోపలి నెట్‌వర్కుకు వి.పి.ఎన్. వాడుకోవడానికి అడ్డులేదని అక్కడి టెలికం అధికారులు 2016లోనే స్పష్టం చేశారు. అందుకే హైదరాబాదు కంపెనీ తరపున దుబాయి వెళ్లిన యింజనీరు ఆఫీసు వి.పి.ఎన్.లో పద్దులు చూసుకుంటే చిక్కులేదు. మేస్త్రీ సంగతి వేరు. ఇంటర్నెట్టు మీద మాటలు కలిపే సేవకు అక్కడ అనుమతి కావాలి. వాట్సాప్ మాటల్ని చాలా ఏళ్లుగా ఆపి వుంచింది అందుకే. ఆ అడ్డు దాటడానికే ఆయన చిరునామా దాచాడు. అంటే అధికారులు అడిగే ‘ఎందుకు దాచావు?’ అన్న ప్రశ్నకు ఆయన జవాబే ఆయనకు ఎదురు తిరుగుతుంది. భార్యతో మాట్లాడినవారినందరినీ పట్టుకుపోతున్నారని కాదు. పట్టుకుంటే తప్పించుకునే వాదం బలహీనమని అర్థం.

అదే మేస్త్రీ సెలవుపై జగిత్యాల వచ్చి అదే వి.పి.ఎన్. తెరిస్తే? మన దేశంలో వి.పి.ఎన్. వాడకూడదనే సాధారణ చట్టం లేదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ వుత్తరువిచ్చింది. వి.పి.ఎన్. అమ్మేవారు చందాదారుల పేర్లు, చిరునామాలు 5 ఏళ్లు భద్రపరచాలన్నది. ఆ భారం అమ్మేవారిది, వాడేవారిది కాదు. అయితే మోసం చేసినవాడికి వి.పి.ఎన్. చాటు రక్షణ కాదు. అల్లర్ల వేళ జిల్లా అధికారులు కొన్నిచోట్ల వి.పి.ఎన్.ను నిషేధించిన సందర్భాలూ వున్నాయి. అక్కడ ఆ వుత్తరువు వున్నన్నాళ్లూ వాడడమే తప్పు.

చట్టం వొప్పినా యజమాని వొప్పాలని లేదు. ఆఫీసు కంప్యూటరులో సొంత వి.పి.ఎన్. పెడితే, లోపలి నుంచి ఏ కాగితం బయటికి పోతున్నదో ఆఫీసు కాపలా వ్యవస్థకు కనబడదు. అందుకే చాలా కంపెనీలు దాన్ని వద్దంటాయి. అది జైలుకు పోయే నేరం కాకపోవచ్చు, వుద్యోగం పోయే తప్పు కావచ్చు. ఆఫీసువారే యిచ్చిన వి.పి.ఎన్.లో సినిమా చూసినా లెక్క ఆఫీసు పుస్తకంలో పడుతుంది.

మేస్త్రీ చివరికి ఏం చేశాడంటారా? అక్కడ అనుమతి వున్న బొటిమ్ అనే యాప్ తన ఫోనులో వేసుకుని, జగిత్యాలలో భార్య చేతా వేయించాడు. “ఇన్నాళ్లకు నీ గొంతు విన్న!” అన్నదట ఆమె. కుర్రవాడు మాత్రం యిప్పటికీ “ఎవరికి తెలుస్తది?” అంటూనే వున్నాడు.