సరిపోయిన జవాబే సరైన జవాబా?

పోటీ పరీక్షల రీజనింగ్‌లో ఆప్షన్‌ను తీసుకుని, వెనక్కి వెళ్లి షరతులతో సరిచూసే పద్ధతి పిల్లలకు తెలిసిందే. అయితే ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఆ పద్ధతే తప్పుదారి పట్టిస్తుంది. ఒక ఉదాహరణ చూద్దాం.

రవి, సలీం, లత, రహీమ్, మేరీ ఉత్తరం వైపు చూస్తూ ఒకే వరుసలో కూర్చున్నారు. రవి ఎడమ చివర, మేరీ కుడి చివర ఉన్నారు. సలీంకు కుడివైపు పక్కనే లత ఉంది. సరిగ్గా మధ్యలో ఎవరున్నారు? ఆప్షన్లు: 1) రహీమ్ 2) లత 3) సలీం 4) ఇచ్చిన సమాచారం చాలదు.

రహీమ్‌ను మధ్యలో పెడితే అతనికి అటొకటి ఇటొకటి ఖాళీ మిగులుతాయి. సలీం, లత పక్కపక్కన కూర్చోలేరు. కాబట్టి ఆ ఆప్షన్ పోయింది. ఇక లతను పెట్టి చూడండి: రవి, సలీం, లత, రహీమ్, మేరీ. షరతులన్నీ సరిపోయాయి. చాలామంది ఇక్కడే ఆగి 2 గుర్తిస్తారు. సలీంను కూడా పెట్టి చూడండి: రవి, రహీమ్, సలీం, లత, మేరీ. ఇదీ సరిపోయింది! కాబట్టి జవాబు 4.

ఒక్క షరతు తప్పినా ఆప్షన్‌ను కొట్టేయవచ్చు. అన్నీ సరిపోయినంత మాత్రాన అదొక్కటే జవాబని తేలదు. ప్రశ్నలో 'ఎవరు ఉండవచ్చు' అంటే, సరిపోయిన మొదటి ఆప్షన్ దగ్గర ఆగవచ్చు. 'ఎవరు ఉన్నారు' అంటే మిగతావి కూడా పెట్టి చూడాలి.

సరిచూసేటప్పుడు మీరు గీసుకున్న బొమ్మను కాక, ప్రశ్నలోని వాక్యాలను మళ్లీ చదవండి. కుడిని ఎడమగా చదివి బొమ్మ గీస్తే, ఆ బొమ్మతో ఎన్నిసార్లు పోల్చినా తప్పు బయటపడదు.