సోమవారానికి ముందు చేరాల్సిన మెయిల్

కొత్త ఉద్యోగికి స్వాగత మెయిల్ చేరే తేదీకి మూడు నాలుగు రోజుల ముందు, సొంత మెయిల్‌కే వెళ్లాలి. ఆఫీసు మెయిల్ తెరవడానికి అప్పటికింకా ల్యాప్‌టాప్ చేతికి రాదు. చాలామంది దాన్ని ఫోన్‌లోనే చదువుతారు కాబట్టి పట్టికల కన్నా చిన్న పేరాలు నయం.

మాదాపూర్‌లోని ఒక ఆఫీసు అకౌంట్స్ విభాగంలో ఒకరు చేరుతున్నారనుకుందాం. పాత మెయిల్ 'మా కుటుంబంలోకి సాదర స్వాగతం' అని మొదలై, సంస్థ చరిత్ర, ఆశయాలు దాటాక నాలుగో పేరాలో 'సోమవారం 9 గంటలకు రిపోర్ట్ చేయవలెను, సందేహాలకు హెచ్‌ఆర్‌ను సంప్రదించగలరు' అంటుంది. ఏ గేటుకు రావాలో, హెచ్‌ఆర్‌లో ఎవరిని అడగాలో అందులో లేదు. అలాంటి మెయిల్ వెళ్లిందంటే ఆదివారం రాత్రి ఫోన్లు తప్పవు.

తిరగరాసినప్పుడు ఆ నాలుగో పేరాయే ముందుకు రావాలి: 'సోమవారం ఉదయం 9:30కి రండి. గేటు దగ్గర మీ పేరు ఇచ్చి ఉంచాం, ఆధార్ చూపిస్తే చాలు. మూడో అంతస్తు రిసెప్షన్‌లో మీకోసం ఎదురుచూస్తుంటాం.' ఆఫీసు 9కే తెరిచినా 9:30 అనడం మంచిది. తీసుకెళ్లాల్సిన మనిషి అప్పటికి వచ్చి ఉంటారు. ఆ మనిషి పేరు, మొబైల్ నంబరు ఆ వాక్యం పక్కనే ఉండాలి.

తర్వాత వారం సంగతి. సోమవారం కాగితాల పని, ల్యాప్‌టాప్, జట్టుతో భోజనం. మంగళవారం నుంచి గురువారం వరకు ఒక సహోద్యోగి పక్కన కూర్చుని బిల్లులు ఎలా నమోదవుతాయో చూడటం. శుక్రవారం సాయంత్రం మేనేజర్‌తో అరగంట. మేనేజర్ ఖాయం చేసినవే రాయాలి. ల్యాప్‌టాప్ బుధవారానికి గానీ రాదని తెలిస్తే ఆ మాటే చెప్పాలి.

తేవాల్సిన కాగితాలతో పాటు ఒక జాగ్రత్త కూడా అవసరం. ఇంతకుముందు పీఎఫ్ ఉన్నవాళ్లు పాత యూఏఎన్‌నే ఇవ్వాలి, కొత్తది తీసుకోకూడదు. పాన్, బ్యాంకు వివరాలను మెయిల్‌కు జవాబుగా పంపొద్దని, సంస్థ పోర్టల్‌లోనే ఇవ్వమని చెప్పాలి.

ఎవరిని అడగాలన్నది విభాగాల పేర్లతో కాక అవసరాన్ని బట్టి రాస్తే ఉపయోగం. ల్యాప్‌టాప్ తెరుచుకోకపోతే ఒకరు, జీతం గురించైతే ఇంకొకరు, ఎవరిని అడగాలో తోచకపోతే పక్కన కూర్చునే సహోద్యోగి.

ఎక్కువ మెయిళ్లలో దొరకనిది సంస్థ ఏం ఆశిస్తోందన్న మాట. 'మొదటి వారం మీరు ఏ బిల్లునూ ఒంటరిగా పాస్ చేయనక్కర్లేదు. ఒక బిల్లు ఎక్కడి నుంచి వచ్చి, ఎవరి ఆమోదంతో చెల్లింపుకు వెళుతుందో శుక్రవారానికి అర్థమైతే చాలు' అన్న రెండు వాక్యాలు భయాన్ని నిజంగా తగ్గిస్తాయి. ఆప్యాయత ఉండేది ఇక్కడే. దానికి తోడు, ఇంటర్వ్యూలో నచ్చిన విషయమేమిటో మేనేజర్ తన మాటల్లో ఒక్క వాక్యం కలిపితే, ఆ మెయిల్ అందరికీ పంపే నమూనాలా కనిపించదు.

పంపేముందు, ఈమధ్యే చేరిన ఒకరికి దాన్ని అర నిమిషం చూపించి పక్కన పెట్టించాలి. ఎప్పుడు, ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఏం తీసుకుని రావాలో చూడకుండా చెప్పలేకపోతే, చెప్పలేకపోయిన వాక్యాన్ని పైకి జరపాలి.