వాటా అమ్ముతానంటే ముందు ఎవరిని అడగాలి?

అచ్యుతాపురం చుట్టుపక్కల ఒక పొలం ఉందనుకుందాం. విస్తీర్ణం రెండెకరాల నలభై సెంట్లు. తండ్రి తన కష్టార్జితంతో కొన్నాడు. వీలునామా రాయకుండానే కన్నుమూశాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మిగిలారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ సమాన వాటా, అంటే తలా 60 సెంట్లు. అయితే ఆ అరవై సెంట్లు పొలంలో ఏ మూల ఉన్నాయో ఎవరూ చూపించలేరు. గట్లు వేసుకోలేదు, 1-బిలో ఇంకా తండ్రి పేరే ఉంది. పెద్దకొడుకు సాగు చేస్తున్నాడు. గాజువాకలో స్థిరపడ్డ చిన్నకొడుకు ఇల్లు కట్టుకోవడానికి తన వాటా అమ్మేద్దామనుకున్నాడు. లేఅవుట్లు వేసే ఒక వ్యాపారి సెంటుకు లక్ష చొప్పున 60 లక్షలకు బేరం కుదుర్చుకుని బయానా ఇచ్చాడు. ఈ అంకెలు లెక్క తేలికగా ఉండాలని నేను వేసుకున్నవే. ఇలాంటి కుటుంబాలు మాత్రం పరిశ్రమలొచ్చి భూముల ధరలు పెరిగిన ప్రతిచోటా ఉన్నాయి.

ఇప్పుడు తల్లికి, అన్నకు, చెల్లెలికి ఏమైనా హక్కు ఉందా? ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. వీలునామా లేకుండా చనిపోయిన వ్యక్తి స్థిరాస్తి గానీ, వ్యాపారం గానీ మొదటి తరగతి వారసులు ఇద్దరికి లేదా అంతకు మించిన వారికి సంక్రమించి, వారిలో ఒకరు తన వాటా బదిలీ చేయదలిస్తే, దాన్ని ముందుగా తీసుకునే హక్కు మిగతా వారసులదే. తల్లి, భార్య, కొడుకు, కూతురు ఈ తరగతిలోకే వస్తారు. పెళ్లయి వెళ్లిన కూతురికి కొడుకుతో సమానంగా ఈ హక్కు ఉంటుంది.

ఇది పొలానికి కూడా వర్తిస్తుందా అన్న ప్రశ్న చాలాకాలం నలిగింది. భూమి రాష్ట్రాల జాబితాలోని విషయం కాబట్టి కేంద్ర చట్టం సాగుభూమి జోలికి రాదని కొన్ని హైకోర్టులు అన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో తండ్రి పొలం ఇద్దరు అన్నదమ్ములకు వస్తే, ఒకరు తన వాటా బయటివారికి అమ్మారు. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వారసత్వం ఉమ్మడి జాబితాలోని విషయమని, కనుక 22వ సెక్షన్ సాగుభూమికీ వర్తిస్తుందని 2019 మార్చిలో కోర్టు తేల్చింది. బాబూ రామ్, సంతోఖ్ సింగ్‌ల మధ్య నడిచిన కేసు ఇది. మన చిన్నకొడుకు బేరానికి వర్తించేది ఈ తీర్పే.

ఇలాంటి తొలి కొనుగోలు హక్కు స్వభావాన్ని అందరికన్నా స్పష్టంగా చెప్పింది రాజమండ్రిలో పుట్టిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. 1958లో బిషన్ సింగ్ కేసు తీర్పులో ఆయన దీన్ని రెండు మెట్లుగా విడదీశారు. అమ్మకానికి ముందు, నాకు ముందుగా చూపించమని అడగగలగడం మొదటి మెట్టు. అమ్మకం అయిపోయాక ఆ ఆస్తి వెంట వెళ్లి, కొన్నవాడి స్థానంలో తాను నిలబడగలగడం రెండో మెట్టు. దీన్ని తిరిగి కొనుక్కోవడం అనుకోకూడదు, ఇది కొన్నవాడి చోటులోకి వెళ్లడం. అందుకే బేరమైన ఆస్తి మొత్తాన్ని తీసుకోవాలి, అందులో తనకు నచ్చిన ముక్క తీసుకుంటానంటే కుదరదు. ఇది బలహీనమైన హక్కని, చట్టబద్ధమైన మార్గాల్లో దీన్ని తప్పించుకోవచ్చని కూడా ఆయన చెప్పారు. ఆ చివరి మాటను చదివేవారు మరచిపోకూడదు.

మన తీరప్రాంతంలో ఈ హక్కు ఎందుకంత అపరిచితమో చరిత్రలో కారణం ఉంది. ముస్లిం న్యాయశాస్త్రంలోని షఫా అనే తొలి కొనుగోలు హక్కు ఉత్తర భారతంలో బాగా వాడుకలో ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో అది చెల్లదని మద్రాసు హైకోర్టు 1870లోనే తీర్పిచ్చింది. విశాఖ జిల్లా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలో భాగం. అందువల్ల మన ఊళ్లలో పొరుగువాడికీ వాటాదారుకీ ముందు చెప్పాలన్నది మర్యాదగానే మిగిలింది, చట్టంగా ఎదగలేదు. 1956 తర్వాత వారసుల వరకు చట్టం వచ్చినా పాత అలవాటే మనసుల్లో ఉండిపోయింది.

సరే, మన కుటుంబంలో చెల్లెలు ఆ వాటా తానే కొంటానంది. 60 లక్షలు ఎక్కువని ఆమె అభిప్రాయం, తగ్గించనని చిన్నన్న పట్టుదల. ధర కుదరకపోతే పొలం ఉన్న ప్రాంతంపై అధికారం గల కోర్టులో ఆమె దరఖాస్తు చేసుకోవచ్చు. ధర ఎంతో కోర్టు నిర్ణయిస్తుంది. కోర్టు 57 లక్షలని తేల్చిందనుకుందాం. ఆ ధరకు ఆమె సిద్ధపడితే వాటా ఆమెది. అంత పెట్టలేనని వెనక్కి తగ్గితే దరఖాస్తు ఖర్చులన్నీ ఆమే భరించాలి. ఊరికే బేరం చెడగొట్టడానికి కోర్టుకెక్కేవారిని ఈ నిబంధన ఆపుతుంది. పెద్దన్న కూడా ముందుకొచ్చి 58 లక్షలంటే, ఎక్కువ ఇస్తానన్న వారసుడికే వాటా దక్కుతుంది.

తిప్పలు ఎక్కడొస్తాయంటే, తోటి వారసులకు ముందుగా నోటీసు ఇచ్చే పద్ధతేదీ 22వ సెక్షన్ చెప్పలేదు. చిన్నకొడుకు ఎవరికీ చెప్పకుండా రిజిస్ట్రేషన్ చేసేస్తే ఆ దస్తావేజు దానంతటదే రద్దయిపోదు. హక్కున్నవారు దావా వేసి పోరాడాలి. లిమిటేషన్ చట్టంలో ఇలాంటి తొలి కొనుగోలు హక్కు దావాలకు గడువు ఒక్క ఏడాదే. కొన్నవాడు భూమిని స్వాధీనం చేసుకున్న రోజు నుంచి ఆ ఏడాది మొదలవుతుంది. హద్దుల్లేని ఉమ్మడి వాటా లాగా భౌతికంగా స్వాధీనం చేసుకోవడానికి వీల్లేనిదైతే రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్క. ఇంట్లోవాళ్లకు ఎప్పుడు తెలిసిందన్నది ఆ లెక్కలో లేదు.

ఇంకొన్ని చోట్ల ఈ హక్కు అసలు పుట్టదు. తండ్రి వీలునామా రాస్తే 22వ సెక్షన్ లేదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు ఈ చట్టమే వర్తించదు. గట్లు వేసుకుని ఎవరి ముక్క వారు పంచుకున్నాక, పాత బంధుత్వం చెప్పి ఈ హక్కు అడిగితే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. డబ్బు తీసుకోకుండా నిజంగా దానం చేస్తే, ధర అనే మాటే లేదు కనుక కొనడానికేమీ ఉండదు. ఇద్దరు స్నేహితులు కలిసి కొన్న స్థలంలోనైతే మాట ముందే రాసుకోవాలి. ఒకరు అమ్మదలిస్తే రెండోవారికి ముందు చెప్పాలి, ఫలానా గడువులోగా వారు కొనకపోతేనే బయట అమ్మాలి అన్న ఒడంబడిక చెల్లుతుంది. అలాంటి ఒప్పందం భూమిపై శాశ్వత బంధనం కాదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంటి సంగతి కాస్త వేరు. ఉమ్మడి కుటుంబ నివాసగృహంలో వాటా కొన్న బయటివాడు లోపలికొచ్చి కలిసి ఉంటాననడానికి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ఒప్పుకోదు. అతడు పంపకం కోరుతూ దావా వేస్తే, 1893 నాటి పంపకాల చట్టం కింద కోర్టు విలువ కట్టి ఆ వాటాను కుటుంబ సభ్యుడికే ఇప్పించవచ్చు. పొలానికి ఈ రక్షణ లేదు, అక్కడ 22వ సెక్షన్ ఒక్కటే దిక్కు.

చిన్నకొడుకు తప్పు చేస్తున్నాడని నేను అనను. తన వాటా అమ్ముకోవడం అతడి హక్కు, గృహ అవసరం నిజమైనది. అతడు చేయాల్సింది ఒక్కటే. తల్లికి, అన్నకు, చెల్లెలికి ధర, గడువు రాసి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోవాలి. ఇలాంటి వాటా కొనే వ్యాపారి ఎవరైనా ఆ రసీదులు చూడందే బయానా ఇవ్వకూడదు. ఇక ఉమ్మడి పట్టా భూమి ఉన్న తల్లులకు, ఆడపడుచులకు నా విన్నపం: పొలం మీద సాగు ఎవరిదైనా, ఆరు నెలలకోసారి సర్వే నంబరు చెప్పి ఈసీ తీయించుకోండి. మీ ఏడాది గడువు మొదలైందో లేదో చెప్పే కాగితం అదే.