తోట నుంచి నేరుగా బంగినపల్లి

వేసవిలో రైతు ఉత్పత్తిదారుల సంఘాలు మామిడి అమ్మకానికి పెట్టే ప్రకటనలో ధర కన్నా ముందు చూడాల్సింది తేదీలు. ఆర్డర్లు సోమవారం సాయంత్రంతో ముగిసి, పెట్టెలు ఆదివారం ఇస్తామంటే దానికి కారణం ఉంది. ఎన్ని పెట్టెలో తేలాకే మంగళవారం కాయ కోస్తారు. తొడిమతో కోసి, సొన కారిపోయేలా బోర్లించి ఉంచుతారు. సొన అంటితే తొక్క నల్లబడుతుంది. ఆ తర్వాత మగ్గడానికి నాలుగైదు రోజులు పడుతుంది. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం. పరిమితికి లోబడి ఇథిలీన్ వాయువు వాడవచ్చు. పైకి పసుపుగా ఉండి, లోపల గట్టిగా, పుల్లగా ఉంటే ముదరని కాయను తొందరపెట్టి మగ్గించారని అనుమానించాలి.

ఇక ధర. అయిదు కిలోల పెట్టె 600 రూపాయలనుకుందాం. అందులో రైతుకు 350, ఏరివేతకు, పెట్టెకు, మగ్గబెట్టడానికి 100, రవాణాకు 100, సంఘం ఖర్చులకు 50 పోవచ్చు. అయిదు కిలోలంటే పండ్ల బరువా, పెట్టెతో కలిపా అన్నది అడగాలి. మగ్గేటప్పుడు కాయ కొంత బరువు తగ్గుతుంది కాబట్టి, తూకం ఎప్పుడు వేశారో కూడా తెలుసుకోవాలి.

డబ్బు వ్యక్తి ఖాతాకు కాక సంఘం పేరున్న ఖాతాకే పంపి, రసీదు దాచుకోవాలి. పెట్టె తీసుకున్న చోటే విప్పి చూడాలి. మెత్తబడిన, మచ్చపడిన పండ్లను అక్కడే చూపితే మార్చడం తేలిక. మర్నాడు చెబితే తప్పు ఎవరిదో తేల్చడం కష్టం.