పెట్టెలో ఎప్పుడూ ఐదు వేలే

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు సాయంత్రాలు అకౌంట్స్ చెప్పించుకోవడానికి నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల ముత్తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వాల్తేరు వైపు నుంచి వచ్చినవాళ్లు. వీళ్లకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. పెట్టీ క్యాష్ పాఠం అవుతుండగా బీకాం చదివే అమ్మాయి ఒకతి అడిగింది: "సార్, ఆ పెట్టెలో డబ్బు రోజూ మారుతూనే ఉంటుంది కదా. మరి లెడ్జర్లో ఏడాది పొడుగునా ఐదు వేలే ఎందుకు కనిపిస్తోంది? ఎవరూ ఎంట్రీ వేయడం మర్చిపోయారా?"

ఎవరూ మర్చిపోలేదు. ఇంప్రెస్ట్ అనే ఈ యంత్రంలోని తెలివంతా ఆ కదలని ఐదు వేలలోనే ఉంది. దీన్ని యంత్రం అనడానికి నేను వెనకాడను. చక్రాలు, బోల్టులు లేకపోయినా, ఒక నియమం పెట్టి వదిలేస్తే మనుషుల చేత తనంతట తాను పని చేయించుకుంటుంది.

నియమం ఇది. ఆఫీసు చిల్లర ఖర్చులకని ఒక మనిషి చేతిలో ఒక స్థిరమైన మొత్తం పెడతారు. అతను ఖర్చు పెట్టినప్పుడల్లా పెట్టెలోంచి డబ్బు తీసి, దాని స్థానంలో అంతే మొత్తానికి ఒక వోచరు వేస్తాడు. ఏ రోజు, ఏ గంటలో పెట్టె తెరిచినా నగదు, వోచర్లు కలిపితే ఐదు వేలు రావాలి. నగదు అడుగంటే వేళకు వోచర్ల కట్ట పట్టుకెళ్లి పైవాడికి ఇస్తాడు. పైవాడు ఆ వోచర్ల మొత్తం ఎంతో అంతకే చెక్కు రాస్తాడు. పెట్టె మళ్లీ పాత గీత దాకా నిండుతుంది. రైల్వే ఆఫీసుల్లో ఈ నింపడాన్ని రికూప్‌మెంట్ అంటారు.

బుధవారీ బజార్ పక్కన ఐదుగురు పనిచేసే ఒక చిన్న ఆఫీసు ఉందనుకుందాం. ఒకటో తేదీన బ్యాంకులోంచి 5,000 తీసి గుమాస్తాకిచ్చారు. పుస్తకంలో పెట్టీ క్యాష్ డెబిట్, బ్యాంకు క్రెడిట్. పదిహేనో తేదీకి వోచర్లు ఇలా చేరాయి: టీ, పాలకు 640, ఆటోలకు 480, స్పీడ్ పోస్టుకు 365, జిరాక్సు, కాగితాలకు 890, నీళ్ల క్యాన్లకు 450, కాలిపోయిన స్విచ్చు మార్చిన ఎలక్ట్రీషియన్‌కు 575, తక్కిన చిల్లరమల్లరకు 300. మొత్తం 3,700. అంటే పెట్టెలో 1,300 మిగలాలి.

లెక్కపెడితే ఐదొందల నోట్లు రెండు, వందలు రెండు, ఒక యాభై, ఒక ఇరవై, ఒక పది దొరికాయి. మొత్తం 1,280. ఇరవై రూపాయలు తగ్గింది. ఆటోవాడు చిల్లర ఇచ్చి ఉండకపోవచ్చు, ఎక్కడో ఒక వోచరు రాయడం మానేసి ఉండవచ్చు. చెక్కు ఎంతకు రాయాలి? 3,700కు కాదు, 3,720కి. పెట్టె గీత దాకా నిండాలంటే అంత కావాలి. లెడ్జర్లో టీ, ఆటో, పోస్టు వగైరా ఖాతాలు 3,700కు డెబిట్ అవుతాయి. ఇరవై రూపాయలు నగదు తరుగు అనే ఖాతాకు పోతాయి. క్రెడిట్ అయ్యేది బ్యాంకు. పెట్టీ క్యాష్ ఖాతాను ముట్టుకోనే ముట్టుకోం. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. లెడ్జర్లో రాసి ఉన్న ఐదు వేలు ఈ క్షణాన ఉన్న నగదు కాదు, గుమాస్తా నెత్తిన ఉన్న బాధ్యత. బాధ్యత పెంచినప్పుడో తగ్గించినప్పుడో తప్ప ఆ అంకె మారదు. పెట్టీ క్యాష్ పుస్తకాన్నే ఖాతాగా నడిపే పద్ధతి కూడా ఉంది. దాంట్లో నింపినది డెబిట్, ఖర్చు క్రెడిట్ వేస్తారు. పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఎక్కువగా అదే. దారి వేరైనా నింపిన రోజున రెండూ ఐదు వేల దగ్గరే కలుస్తాయి.

తరుగు కనబడితే అందరూ కంగారుపడతారు. నన్నడిగితే మిగులు కనబడినప్పుడు ఇంకొంచెం కంగారుపడాలి. పెట్టెలో ముప్పై ఎక్కువుందంటే ఎవరో నిజమైన ఖర్చుకన్నా పెద్ద వోచరు రాశారని, తేడాను తీసుకోవడానికి ఇంకా సమయం దొరకలేదని అర్థం కావచ్చు.

ఇదంతా సరే, వోచర్లు లేకుండా నెలకింత అని ఇచ్చేసి ఏడాది చివర లెక్క అడిగితే ఏం పోయిందని మీరనవచ్చు. అలా చేసి చూశారు, అదీ ఒక సామ్రాజ్యం ఖర్చుతో. ఇంగ్లండులో ఇంప్రెస్ట్ అంటే మొదట్లో ఖజానా నుంచి ముందుగా ఇచ్చే సొమ్ము మాత్రమే. దానికి గీత లేదు. లెక్క తర్వాతెప్పుడో వచ్చేది. ఆ లెక్కలు చూడ్డానికి 1559లో ఎలిజబెత్ రాణి కాలంలో ప్రత్యేకంగా ఆడిటర్లను పెట్టారు. ఆడిటర్లున్నా జబ్బు తగ్గలేదు. 1757 నుంచి 1765 దాకా సైన్యానికి జీతబత్యాలు పంచే పే మాస్టర్‌గా హెన్రీ ఫాక్స్ ఉన్నాడు. ఖజానా సొమ్ము అతని చేతికొస్తుంది. ఖర్చయ్యేదాకా అతని దగ్గరే ఉంటుంది, దాని మీద వచ్చే లాభం అతనిదే. పదవి వదిలాక కూడా మిగులు అతని దగ్గరే ఉండిపోయింది. 1774లో చనిపోయే నాటికీ లెక్క తేలలేదు. ఆ కాలపు ఆచారంలో అదేమీ దొంగతనం కూడా కాదు! చివరికి 1782లో ఎడ్మండ్ బర్క్ చట్టం తెచ్చి, సొమ్ము పే మాస్టర్ చేతిలో కాకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉండాలన్నాడు.

ఫాక్స్ దగ్గరున్నదీ, మన బుధవారీ బజార్ గుమాస్తా దగ్గరున్నదీ ముందస్తు సొమ్మే. తేడా ఏమిటంటే, ఫాక్స్ లెక్క ఆలస్యం చేసినకొద్దీ లాభపడ్డాడు. మన గుమాస్తా ఆలస్యం చేస్తే నష్టపోతాడు. వోచర్లు ఇవ్వకపోతే పెట్టె నిండదు, మర్నాడు టీ కొట్టువాడికి ఇవ్వడానికి తన జేబులోంచి తీయాలి. లెక్క చెప్పమని ఎవరూ అతని వెంటపడక్కర్లేదు, కాగితాలు పట్టుకుని అతనే వస్తాడు. గీత పెట్టడం వల్ల వచ్చిన అసలు లాభం ఇదే. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో తేలే బంతిలాగా, ఎంత బయటికి పోయిందో అంతే లోపలికి వస్తుంది. వాల్వు తెరవడానికి వేరే మనిషి అవసరం లేదు.

అందుకే ఈ యంత్రం చచ్చిపోయిన చోటు కనిపెట్టడం తేలిక. బ్యాంకు స్టేట్‌మెంటు చూడండి. నింపిన మొత్తాలు 3,720, 4,115, 2,968 అని వంకర టింకరగా ఉంటే బతికే ఉంది. నెల నెలా గుండ్రంగా 4,000 అని ఉంటే ఎప్పుడో పోయింది. పైవాడు 3,720కి చెక్కు రాయడం చిరాకై నాలుగు వేలు చేతిలో పెడితే పెట్టెలో 5,280 ఉంటుంది. వచ్చేసారి మొత్తం ఎంత రావాలో ఎవరికీ తెలియదు. రెండు మూడు సార్లు అలా జరిగితే లెక్కపెట్టడమే మానేస్తారు.

పెట్టెలో ఉంచే ఆ స్థిరమైన మొత్తం, అంటే ఫ్లోట్, ఎంత ఉండాలన్నదీ అంచనా కట్టొచ్చు. మన బుధవారీ బజార్ ఆఫీసులో పదిహేను రోజులకు 3,700 అయింది, అంటే రోజుకు దాదాపు 250. చెక్కు మీద సంతకం పెట్టే ఆయన వారంలో సగం రాయ్‌పూర్‌లో ఉంటాడనుకుంటే, వోచర్లు ఇచ్చాక డబ్బు చేతికి రావడానికి నాలుగు రోజులు పడుతుంది. ఆ నాలుగు రోజులకే వెయ్యి కావాలి. అనుకోని ఖర్చుకు ఇంకో ఐదొందలు. కాబట్టి నగదు 1,500కు దిగగానే కట్ట కదలాలి, మూడొందలకు దిగేదాకా ఆగకూడదు. ఫ్లోట్ మరీ చిన్నదైతే గుమాస్తా సొంత డబ్బు పెడతాడు. సొంతదీ ఆఫీసుదీ కలిసిన క్షణాన ఐదు వేల సమీకరణం తప్పుతుంది. మరీ పెద్దదైతే పెట్టెలో చేబదులు చీటీలు పుడతాయి. "ఫస్టుకి ఇచ్చేస్తా" అని బడే బాబు ఐదొందలు తీసుకుని ఒక చీటీ వేస్తాడు. ఆ చీటీని వోచర్లతో కలిపితే మొత్తం చక్కగా ఐదు వేలే వస్తుంది! కూడిక సరిపోయిందని సంతోషించి పెట్టె మూసేవాడు ఆడిటర్ కాదు. ఒక్కో కాగితం తిప్పి చూడాలి, అదీ చెప్పకుండా వెళ్లి చూడాలి.

దొంగ వోచరును కూడా ఈ యంత్రం పట్టుకోలేదు. రెండు టీలకు నాలుగు టీల డబ్బు రాసి, తేడా వెంటనే తీసేసుకుంటే లెక్క చుక్క తేడా లేకుండా సరిపోతుంది. వోచరు మీద ఇంకొకరి సంతకం అందుకే. నింపిన వెంటనే ప్రతి కాగితం మీదా చెల్లించినట్టు ముద్ర కొట్టడం కూడా ముఖ్యం, లేకపోతే అదే జిరాక్సు బిల్లు వచ్చే నెల కట్టలో మళ్లీ ప్రయాణం చేస్తుంది. ఇక మార్చి 31. ఆ సాయంత్రానికి నింపని వోచర్లు 2,000 ఉంటే లెడ్జరు ఐదు వేల నగదు ఉందని చెబుతుంది, పెట్టెలో మూడే ఉంటుంది. ఆ ఖర్చు వచ్చే ఏడాదికి జారిపోతుంది. అందుకని ఆ రోజు నగదు ఎంతున్నా నింపేయాలి, లేదా కనీసం ఎంట్రీ అయినా వేయాలి.

రైల్వే వాళ్లకు ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే డబ్బుతో ఆపలేదు. వాళ్ల నిబంధనల్లో క్యాష్ ఇంప్రెస్ట్ ఆఫీసు చిల్లర ఖర్చులకే కాక రైల్వే ఆసుపత్రి రోగుల వంట సరుకులకూ ఉంది. షెడ్లలో ఇంప్రెస్ట్ స్టోర్స్ అని విడిభాగాల నిల్వ ఉంటుంది. రోజువారీ మరమ్మతుల్లో ఎన్ని వాడితే అన్ని తెచ్చి పాత సంఖ్యకు చేరుస్తారు. బిలాస్‌పూర్ 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయం అయింది కాబట్టి, ఇక్కడ ఈ మాట తెలియని గుమాస్తా ఉన్న ఇల్లు వెతకాల్సిందే.

ఇప్పుడు టీ కొట్టు దగ్గర కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది. గుమాస్తా తన ఫోన్లోంచి కట్టి నెలాఖరున స్క్రీన్‌షాట్లు ఇస్తున్నాడు. చెల్లింపుకు సాక్ష్యం మునుపటికన్నా గట్టిదే, దేనికి చెల్లించాడో మాత్రం స్క్రీన్‌షాట్ చెప్పదు. పైగా ఆఫీసు ముందుగా డబ్బివ్వడం పోయి గుమాస్తాయే ఆఫీసుకు అప్పిస్తున్నాడు. గీత లేదు, తెరిచి చూడ్డానికి పెట్టె లేదు. ఆఫీసు పేరున విడిగా ఒక చిన్న ఖాతా తెరిచి, దాంట్లో ఐదు వేలు వేసి, యూపీఐ దాన్నుంచే నడిపితే పాత సమీకరణం మళ్లీ పనిచేస్తుంది: ఖాతాలో నిల్వ, చేతిలో బిల్లులు, కలిపితే ఐదు వేలు.