పండగ బస్సు, పురోహితుల యాప్

2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ బస్సులో ఫణీంద్ర సామకు సీటు దొరకలేదు. అప్పట్లో ఆయన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజినీరు. ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ ఎంత తిరిగినా పని కాక, పండక్కి ఊరు వెళ్లలేకపోయారు. మరుసటి ఏడాది బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొనేసింది. మన పత్రికల్లో చాలాసార్లు వచ్చిన కథే ఇది. కానీ చెప్పేవాళ్లలో ఎక్కువ మంది ఆ పండగ రోజు దగ్గర మొదలెట్టి ఒక్క గంతులో 2013కి వెళ్లిపోతారు. అసలు నేర్చుకోవాల్సిందంతా ఆ మధ్యలోనే ఉంది.

పండగ రోజున ఆయనకు తెలిసింది ఒక్కటే, తనకు సీటు దొరకలేదని. ఆ ఏడాది సీటు దొరకనివాళ్లు ఇంకెందరో ఉండి ఉంటారు. వాళ్లలో చాలామంది ఏజెంటును నాలుగు తిట్టుకుని, ఈసారి ముందే బుక్ చేసుకోవాలనుకుని ఊరుకుని ఉంటారు. మనకు కలిగిన చిరాకు మంచి అనుమానానికి దారి తీస్తుందే కానీ, అది అవసరానికి రుజువు కాదు. ఫణీంద్ర చేసిన తెలివైన పని, సీటు ఎందుకు దొరకలేదో ఏజెంట్ల దగ్గరే కూర్చుని తెలుసుకోవడం.

అక్కడ తేలిన సంగతి ఇది. సీట్ల పట్టీ బస్సు యజమాని ఆఫీసులో కాగితం మీద ఉంటుంది. ఏజెంటు ఫోన్ చేసి, ఖాళీ ఉందా అని అడిగి, ఉంటే పేరు రాయించుకుంటాడు. అతను ఫోన్ చేసేది తనకు పరిచయమున్న కొద్దిమంది యజమానులకే. అందువల్ల ఒక కౌంటర్లో ప్రయాణికుడు లేదనిపించుకుని వెనక్కి వెళ్తుంటే, మరో యజమాని బస్సు ఖాళీ సీట్లతో బయల్దేరే అవకాశం ఉంది. సీటూ ఉంది, డబ్బు పట్టుకుని నిలబడ్డ మనిషీ ఉన్నాడు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే. సాఫ్ట్‌వేర్ పూడ్చగలిగిన లోటు సరిగ్గా ఇలాంటిదే.

ఇంతవరకూ తెలిశాక కూడా వాళ్లు తొలి అడుగు తప్పుగానే వేశారు. సీట్ల లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసి బస్సు యజమానుల దగ్గరకు పట్టుకెళ్లారు. ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదు. యజమాని వైపు నుంచి చూస్తే అందులో వింతేమీ లేదు. కాగితం, ఫోన్ పెట్టుకుని ఆయన వ్యాపారం నడుస్తూనే ఉంది. కొత్త పద్ధతి నేర్చుకునే శ్రమ మాత్రం ఆయనదే. సమస్య నిజమైనదే. పరిష్కారం పట్టుకెళ్లిన గుమ్మం వేరు. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల ఉత్సాహానికి అద్దం పట్టిందే తప్ప, తీసుకోవాల్సినవాడి అవసరానికి కాదు. ఊరికే ఇచ్చినా వద్దన్నారంటే, ధర అడ్డం కాదని అప్పుడే తేలిపోయింది.

టై సంస్థలో సలహాదారులు వాళ్లను ప్రయాణికుడి వైపు తిప్పారు. సాఫ్ట్‌వేర్ మాట పక్కనపెట్టి, యజమానుల దగ్గర కొద్ది సీట్లు అడిగి తీసుకుని, వాటిని అమ్మి చూపించమన్నారు. అలాగే చేశారు. ఐటీ కంపెనీల దగ్గర కార్డులు పంచి ప్రయాణికులను వెతుక్కున్నారు. సీట్లు అమ్ముడవుతుంటే యజమానికి వీళ్లతో పని పడింది. ముందు సాఫ్ట్‌వేర్ వద్దన్న రంగమే తర్వాత మెల్లగా కంప్యూటర్ వైపు వచ్చింది.

ఇప్పుడు ఈ కొలతతో మరో ఆలోచనను చూద్దాం. ఇది కల్పించిన ఉదాహరణే, కానీ ఇలాంటి ఆలోచన చెప్పే కుర్రాళ్లు హైదరాబాద్‌లో మీకూ తగిలే ఉంటారు. శ్రావణమాసంలో అక్క గృహప్రవేశానికి పురోహితుడు దొరక్క ఇల్లంతా హైరానా పడింది. తమ్ముడికి ఆలోచన తట్టింది, పురోహితుల యాప్! బంధువులకు చెబితే అందరూ భేష్ అన్నారు. అనకేం చేస్తారు? పెళ్లి పందిట్లో భోంచేస్తూ మనవాడి ఆలోచన బాగోలేదని ఎవరంటారు? ‘ఇలాంటి యాప్ ఉంటే వాడతావా పిన్నీ’ అని అడిగితే పిన్ని వాడతాననే చెబుతుంది. ఆ మాటకు ఆమెకయ్యే ఖర్చు సున్నా.

అడగాల్సింది జరిగిపోయినదాని గురించి. ‘పిన్నీ, కిందటిసారి పూజకు పంతులుగారిని ఎలా పట్టుకున్నావు? ఎన్ని ఫోన్లు చేశావు? సంభావన ఎంతిచ్చావు? ఆయన రానంటే ఏం చేశావు?’ తన యాప్ పేరు ఎక్కడా ఎత్తకూడదు. ఎత్తిన మరుక్షణం ఆమె జవాబు మన మొహం చూసి వస్తుంది. ఇలా పదిళ్లలో అడిగితే బహుశా ఒకే రకం మాట వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నంబరిచ్చాడు, మా అత్తగారింటి పురోహితులే వస్తారు, గుళ్లో అడిగాం. ఒక్క ఫోన్‌తో పని అయిపోయింది. పైగా ఏడాదికి ఒకటి రెండుసార్లు. అంటే మామూలు రోజుల్లో ఈ అవసరం ఇప్పటికే తీరుతోంది, వాచ్‌మన్ చేతుల మీదుగా, పైసా ఖర్చు లేకుండా.

మరి శ్రావణమాసం మాట? ఇబ్బంది అప్పుడు నిజమే. కానీ కారణం చూడండి. మంచి ముహూర్తం ఒకటే, అడిగే ఇళ్లు వందలు, ఉన్న పురోహితులంతా అప్పటికే ఎక్కడో పీటల ముందు కూర్చుని ఉంటారు. ఇక్కడ ఖాళీ సీటు లేదు. యాప్ పురోహితుల జాబితా చూపించగలదు, కొత్త పురోహితుణ్ణి పుట్టించలేదు. బస్సు కథకూ దీనికీ పైకి పోలిక కనిపిస్తుంది కానీ లోపలి లోటు వేరు. అది సమాచారం అందని లోటు, ఇది మనుషులు చాలని లోటు. నన్నడిగితే ఆ తమ్ముడి ఆలోచన ఇక్కడితో ఆగిపోవాలి. లేదా అవసరం నిజంగా ఉన్నచోటికి మారాలి. కొత్తగా పుణేకో డాలస్‌కో వెళ్లిన తెలుగు కుటుంబానికి వాచ్‌మనూ లేడు, అత్తగారి ఊరి పురోహితుడూ లేడు. వాళ్లు ఇప్పటికే నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతూ, ఎవరినో దూరం నుంచి రప్పించి రానుపోను ఛార్జీలు ఇస్తూ తంటాలు పడుతుంటే, అదే గట్టి ఆనవాలు. ఏదో ఒక అతుకు వేసుకుని, శ్రమో డబ్బో ఖర్చుపెడుతున్నవాడికే అవసరం ఉన్నట్టు.

పెట్టుబడి వచ్చింది కదా, అదే రుజువనుకునేవాళ్లకు జ్యూసెరో సంగతి చెప్పాలి. అమెరికాలో ఈ కంపెనీ ఇంట్లో రసం తీసే యంత్రాన్ని మొదట 699 డాలర్లకు అమ్మింది. పెట్టుబడిదారులు సుమారు 12 కోట్ల డాలర్లు పోశారు. 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేకరులు దాని పండ్ల ముక్కల సంచిని చేత్తో పిండితే రసం దాదాపు యంత్రంతో సమానంగా వచ్చింది. సెప్టెంబరుకల్లా కంపెనీ మూతపడింది. తాజా రసం కావాలన్న కోరిక ఉన్నదే. యంత్రం తీర్చిన అవసరమే లేదు.

ఈ విచారణకు ఒక హద్దు ఉంది. మాటల్లో తేలేది పాత అలవాటు మాత్రమే. కొత్త వస్తువుకు జనం డబ్బిస్తారా లేదా అన్నది అమ్మి చూస్తేనే తెలుస్తుంది. అందుకు యాప్ అక్కర్లేదు. డాలస్ కుటుంబాల కోసమే అనుకుంటే, ఒక ఫోన్ నంబరు, ఒక నోటుపుస్తకం, ఒప్పుకున్న ఇద్దరు ముగ్గురు పురోహితులు చాలు. పూజ కుదిర్చినందుకు ముందే కొంత రుసుము అడగాలి. ఎంతమంది ఇచ్చారు, ఇచ్చినవాళ్లలో మళ్లీ ఎందరు ఫోన్ చేశారు అన్నవి రాసుకోవాలి. ఒక్కరూ డబ్బు కట్టకపోతే, యాప్ చేసిపెడతానన్నవాడికి ఇవ్వబోయిన అడ్వాన్సు మీ జేబులోనే ఉంచుకోండి.